40 గంటల వారం, 52 గంటల మాట

హైదరాబాద్ రాయదుర్గంలో ఒక పేమెంట్స్ కంపెనీ. అందులో బ్యాకెండ్ చూసే సీనియర్ ఇంజనీరు ఒకతను నాకు బాగా తెలుసు. వయసు 34, అనుభవం 11 ఏళ్లు. పని ఎగ్గొట్టే మనిషి కాదు. టీంలో ఎవరు ఏది అడిగినా "చేసేద్దాం" అనేవాడు, చాలాసార్లు చేసి చూపించేవాడు కూడా. అలాంటివాడు ఒక నవంబరులో ఉద్యోగమే వదిలేద్దామనే దాకా వెళ్లాడు. చివరికి వదల్లేదు, తన వారాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టుకున్నాడు. ఇలాంటివాళ్లకు అందరూ ఇచ్చే సలహా "నో చెప్పడం నేర్చుకో" అని. ఆ సలహా అతనికి ఏళ్ల తరబడి అందుతూనే ఉంది, ఒక్కసారీ ఉపయోగపడలేదు. ఎవరికి నో చెప్పాలో, ఎంతకు నో చెప్పాలో తెలియనప్పుడు ధైర్యం ఉండీ ఏం లాభం? అతన్ని ఒడ్డున పడేసింది ఒక లెక్క. ఆ లెక్కను నెమ్మదిగా చూద్దాం.

ముందు అతని చేతిలో ఏమేం ఉండేవో చెప్పాలి. సొంత టీం పని రిఫండ్లు నడిపే పాత సర్వీసును కొత్త సర్వీసులోకి మార్చడం. నాలుగు వారాలకొకసారి ఆన్‌కాల్, అంటే ఆ వారమంతా ప్రొడక్షన్‌లో ఏది పడిపోయినా ముందు మోగేది అతని ఫోనే. రెండు టీంల కోడ్ రివ్యూలు. వారానికి రెండు ఇంటర్వ్యూలు. కొత్తగా చేరిన ఇద్దరు ఫ్రెషర్లకు పని నేర్పడం. అయిదేళ్ల కిందట అతను రాసిన సెటిల్‌మెంట్ కోడ్ ఇప్పుడు వేరే టీం చేతిలో ఉంది. అక్కడ ఏ సందేహం వచ్చినా వాళ్లు డాక్యుమెంట్ తెరవరు, ఇతనికి మెసేజ్ పెడతారు. అమెరికా పశ్చిమ తీరంలోని ఆఫీసుతో వారానికి నాలుగు రాత్రుల కాల్స్. ఇవి చాలవన్నట్టు ఆదివారాలు చుట్టాల పిల్లల రెజ్యూమెలు. "అన్నయ్యా, మా వాడిది ఒకసారి చూసి మీ దాంట్లో రిఫర్ చెయ్యవా" అని పిన్ని కూతురు అడిగితే ఏమంటాడు?

వీటిలో ఏ ఒక్కటీ పెద్ద పని కాదు. ఒప్పుకున్న రోజున ప్రతిదీ వారానికి ఓ గంట, గంటన్నర పనిలాగే కనిపించింది. అడిగినవాళ్లు వేరువేరు మనుషులు, అడిగింది వేరువేరు నెలల్లో. అందుకే మొత్తం ఎంతయిందో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. జిరాలో టికెట్ పడేది ప్రాజెక్టు పనులకే. ఇంటర్వ్యూకు టికెట్ లేదు, రివ్యూకు లేదు, పక్క టీం మెసేజ్‌కు అసలే లేదు. సోమవారం స్ప్రింట్ ప్లానింగ్‌లో అతని పేరు పక్కన 24 గంటల పని పడితే, వారానికి 40 గంటలున్న మనిషికి ఇది తేలికేగా అని గదిలో అందరూ అనుకునేవారు. అందరితో పాటు అతనూ.

నవంబరులో ఏమయిందంటే, అక్కడ గడియారం మారింది. అమెరికాలో ఆ నెల మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మనకు ఆ పద్ధతి లేదు. వాళ్ల ఉదయం 8:30 కాల్ వేసవిలో మనకు రాత్రి 9కి వస్తుంది. గడియారం మారిన మర్నాటి నుంచి అదే కాల్ రాత్రి 10కి జరుగుతుంది. 11 దాకా మాట్లాడి, ఆ మాటల వేడి తగ్గి నిద్రపట్టేసరికి ఒంటిగంట దాటేది. అలాంటి ఒక రాత్రి 11:40కి ఒక రివ్యూ చూశాడు. రిఫండ్ పంపాక బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైతే సిస్టమ్ మళ్లీ పంపుతుంది. రెండోసారి కూడా మొదటి ఐడెంపొటెన్సీ కీనే పంపాలి. అప్పుడే ఇది పాత అభ్యర్థనే అని అవతలి వైపు గుర్తుపట్టి వదిలేస్తుంది. ఒక జూనియర్ రాసిన మార్పులో ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుడుతోంది. ఆ వరుస మీదుగా కళ్లు పోనిచ్చి అప్రూవ్ నొక్కేశాడు. మర్నాడు కొందరు కస్టమర్లకు డబ్బు రెండుసార్లు వెళ్లింది.

మామూలుగా అయితే ఇలాంటి తప్పు అతన్ని వారం రోజులు కలవరపెట్టేది. ఈసారి ఇన్సిడెంట్ కాల్‌లో కూర్చుని, ఇది ఎప్పుడు ముగుస్తుందా అని మాత్రమే అనుకున్నాడు. కస్టమర్ల మీద జాలి లేదు, తన మీద కోపం లేదు. ఆ పొడితనం చూసి అతనే భయపడ్డాడు.

బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ప్రస్తావించింది. దాన్ని జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగంలోంచి పుట్టే స్థితిగా చెప్పింది. దానికి మూడు గుర్తులిచ్చింది. ఒకటి, ఒళ్లూ మనసూ ఖాళీ అయిపోయినంత అలసట. రెండు, పని నుంచి మనసు దూరం జరగడం, పని అంటేనే ఒక రకమైన చేదు. మూడు, చేతనైన పనే చేతకాకుండా పోవడం. మనవాళ్లు మొదటి గుర్తునే చూస్తారు. రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లి రమ్మంటారు. కానీ ఇతని విషయంలో మిగిలిన రెండూ కలిసి ఒకేసారి కనిపించాయి. ఫ్రెషర్ మెసేజ్ పెడితే విసుగు, తాను రాసిన కోడ్‌నే మూడుసార్లు చదివినా తలకెక్కకపోవడం. ఇవి సెలవుతో పోవు, ఎందుకంటే తిరిగి వచ్చే వారం పాత వారమే.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. పని దగ్గరే కాకుండా ఇంట్లో, స్నేహితుల్లో, ఇష్టమైన సినిమాలో కూడా ఏ ఆసక్తీ మిగలకపోతే, వారాల తరబడి నిద్ర లేకపోతే, బతకాలనిపించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికి ఏ టైంటేబులూ మందు కాదు, డాక్టరు కావాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇతను కూడా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాడు. రక్తపరీక్షలు అయ్యాక, డాక్టరుతో మాట్లాడాక, సమస్య పనిలోనే ఉందని తేలాకే లెక్క మొదలుపెట్టాడు.

రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో అరగంటకొకసారి రాసుకున్నాడు: ఏం చేస్తున్నాను, దీన్ని ఎవరు అడిగారు. రెండో ప్రశ్న ముఖ్యం, ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఆన్‌కాల్ లేని వారాల సగటు ఇలా వచ్చింది. పగటి మీటింగులు 9 గంటలు. రివ్యూలు 7. ఇంటర్వ్యూలు 4, ఎందుకంటే గంట ఇంటర్వ్యూకు ముందు అరగంట తయారీ, తర్వాత అరగంట అభిప్రాయం రాయడం. ఫ్రెషర్లకు 3. పక్క టీం సందేహాలకు 5. మొత్తం 28. అంటే 40లో ప్రాజెక్టుకు మిగిలేది 12 గంటలే. స్ప్రింట్‌లో ఒప్పుకుంటున్నది 24. పగటి పనే 52 గంటలయింది, రాత్రి కాల్స్ నాలుగు గంటలు దాని మీద అదనం. లోటు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడానికి నోట్‌బుక్ అక్కర్లేదు. రాత్రులూ ఆదివారాలే ఆ లోటు పూడుస్తున్నాయి.

52ను 40తో భాగిస్తే 130 శాతం. ఈ అంకె చూశాక అతనికి విషయం అర్థమైన తీరు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అతని వృత్తే అది నేర్పింది. సర్వర్ సీపీయూ 80 శాతం దాటితే అలర్ట్ పెట్టుకునే మనిషి అతను. ఎందుకు పెడతారు? 20 శాతం ఇంకా ఖాళీగా ఉంది కదా? ఖాళీ ఉన్నా, అక్కడి నుంచి క్యూ వేగంగా పెరుగుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఈ క్యూల గణితాన్ని మొదలుపెట్టినవాడు డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్, 1909లో. చేసేవాడు ఒక్కడై, పనులు ఒక పద్ధతి లేకుండా వస్తూ, ఒక్కోటీ ఎంతసేపు పడుతుందో కచ్చితంగా తెలియనప్పుడు లెక్క సులువుగానే ఉంటుంది. సగటున రెండు గంటల పని అనుకోండి. మనిషి 80 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం 8 గంటలు ఆగాలి. 90 శాతం నిండితే 18 గంటలు. 95 శాతం నిండితే 38 గంటలు, అంటే దాదాపు వారం. 100 దాటితే ఆగే సమయానికి అంతే ఉండదు. క్యూ పెరుగుతూనే పోతుంది. మరి అది నిజజీవితంలో ఎందుకు పేలిపోదంటే, ఈ సర్వర్ రాత్రి మేలుకుంటుంది. కొన్నాళ్లు.

దీని నుంచి అతను తీసుకున్న నిర్ణయం చాలామందికి మింగుడుపడదు: వారంలో కొంత భాగం కావాలనే ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీ లేకపోతే మంగళవారం ఊడిపడే ఒక్క అత్యవసర పని శుక్రవారం దాకా అన్నిటినీ తోసేస్తుంది.

ఇంకో చిక్కు అంచనాలది. 24 గంటలన్న పని నిజంగా 24 గంటల్లో అయ్యేదా? గత ఆరు నెలల టికెట్లు తీసి చూసుకున్నాడు. తాను చెప్పిన సమయానికి సగటున ఒకటిన్నర రెట్లు పట్టింది. ఇది అతని ఒక్కడి లోపం కాదు. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటు జవాబు సుమారు 34 రోజులు. నిజంగా పట్టింది 55 పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినా దాదాపు 49 రోజులన్నారు. అంటే గడ్డుకాలాన్ని ఊహించుకుని చెప్పిన మాట కూడా సరిపోలేదు. "ఈసారి జాగ్రత్తగా అంచనా వేస్తాను" అనుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. తన పాత టికెట్లలో వచ్చిన నిష్పత్తితో గుణించడమే నమ్మకమైన దారి. గుణిస్తే 24 కాస్తా 36 అయింది. అసలు వారం 28, 36 కలిపి 64. రాత్రి కాల్స్‌తో 68.

ఈ నోట్‌బుక్‌తో మేనేజరు దగ్గరికి వెళ్లాడు. నాకు పని ఎక్కువైంది, అలసిపోయాను అనే ఫిర్యాదుతో వెళ్లలేదు. ఒకే ప్రశ్న తీసుకెళ్లాడు. "ఇది నా 40 గంటల లెక్క. ఇందులో 12 గంటలు ప్రాజెక్టుకు మిగులుతున్నాయి. మూడు పనులు ఒప్పుకున్నాను, ఒకటే పడుతుంది. ఏది ముందు చెయ్యమంటారు?"

మేనేజరు మొదట మూడూ ముఖ్యమే అన్నాడు. ఎవరైనా అంతే అంటారు. "మూడూ ముఖ్యమే సరే, శుక్రవారానికి ఒకటే ముగిస్తే ఏది కావాలి?" అని మళ్లీ అడిగాడు. దానికి జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఆ వరుస మేనేజరుకూ తెలియదు. ఆయన పైవాళ్లను అడగాల్సి వచ్చింది. ఎవరు అడిగారన్న గడి ఇప్పుడు అక్కరకొచ్చింది. పక్క టీంకు పోతున్న 5 గంటలు, వేరే టీం రివ్యూలకు పోతున్న రెండు గంటలు మేనేజరు ఎప్పుడూ చూడనివి. తన టీం సమయం అంత బయటికి పోతోందని తెలిశాక, తగ్గించమని చెప్పడానికి ఇంజనీరు కంటే ఆయనకే తొందర ఎక్కువైంది.

కొత్త వారం ఇలా కట్టారు. పగటి మీటింగులు 6 గంటలు. తాను వింటూ కూర్చునేవి వదిలేసి, మాట్లాడాల్సినవే ఉంచుకున్నాడు. రివ్యూలు సొంత టీంవే, రోజుకు రెండు అరగంటలు, ఉదయం వచ్చాక ఒకటి, భోజనం తర్వాత ఒకటి, వారానికి 5. సాయంత్రం ఆరు దాటాక అప్రూవ్ నొక్కడం లేదు, ఆ రిఫండ్ కారణంగా. వారానికి ఒకే ఇంటర్వ్యూ, 2 గంటలు. పక్క టీంకు బుధవారం మూడు నుంచి అయిదు దాకా, 2 గంటలు. అమెరికా కాల్స్ మంగళ, గురువారాలే. ఆ 2 గంటలు 40 లోపలే లెక్క, మర్నాడు ఆఫీసుకు గంట ఆలస్యంగా వస్తాడు. ఫ్రెషర్ల 3 గంటలు మాత్రం తగ్గించలేదు. తనకు ఇంకా ఇష్టంగా మిగిలిన పని అదొక్కటే అన్నాడు. దాన్ని కొయ్యకపోవడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. మనసు పని నుంచి దూరం జరుగుతున్నప్పుడు, దగ్గరగా పట్టి ఉంచేదాన్ని గంటలు మిగులుతాయని తీసేస్తే మిగిలిన గంటలకు బలం ఉండదు.

మొత్తం 20. మిగిలిన 20లో 4 గంటలు ఖాళీ. ప్రాజెక్టుకు 16. ఆ 16ను ఒకటిన్నరతో భాగిస్తే తన అంచనా ప్రకారం 10 గంటల పై చిల్లర. అంటే ప్లానింగ్‌లో ఇకపై 10 గంటలకు మించి ఒప్పుకోకూడదు. నిన్నటి దాకా 24 అన్నవాడు 10 అనాలి. నలుగురి ముందు ఆ అంకె చెప్పడం చాలా కష్టమైందని అతను ఒప్పుకుంటాడు. అయితే పాత వారాల్లో నిజంగా ముగిసినదెంతో లెక్కేస్తే, అదీ అంతకంటే ఎక్కువేం లేదు. తేడా ఏమిటంటే, అప్పుడు మిగిలినవన్నీ సగంసగం తెరిచి ఉండేవి.

ఆన్‌కాల్ వారం లెక్క వేరు. గూగుల్‌లో సిస్టమ్స్ నడిపేవాళ్లు 2016లో ప్రచురించిన పుస్తకంలో 12 గంటల షిఫ్టులో రెండు ఇన్సిడెంట్లకు మించి ఉండకూడదని రాశారు. ఒక్క ఇన్సిడెంటును సరిచేసి, కారణం వెతికి, నివేదిక రాసేసరికి సగటున ఆరు గంటలు పడుతుందని వాళ్ల లెక్క. ఇతనూ ఆన్‌కాల్ వారంలో ప్రాజెక్టు పని సున్నా అని పెట్టుకున్నాడు. ఫోన్ మోగకపోతే పాత అలర్టులు సరిచేస్తాడు.

ఇంకొకటి, ఒకేసారి తెరిచి ఉంచే పనుల సంఖ్య. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది: తెరిచి ఉన్న పనులను, వారానికి ముగిసే పనులతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే వారాలొస్తాయి. ఇతని దగ్గర 9 తెరిచి ఉండేవి, వారానికి ఒకటిన్నర ముగిసేవి. ఒక్కోటీ ఆరు వారాలు. తెరిచినవి 3కు తగ్గిస్తే అదే వేగంతో రెండు వారాలు. అతను అదనంగా ఒక్క నిమిషం కూడా పని చేయకుండానే, అడిగినవాళ్లు ఎదురుచూసే కాలం మూడో వంతుకు వచ్చింది.

ఇదంతా సాఫీగా జరిగిందని చెప్పను. ముందుగా పోయింది ఆ ఖాళీ 4 గంటలే. క్యాలెండర్‌లో తెల్లగా కనిపించగానే ఎవరో మీటింగ్ పెట్టారు, అతను వెళ్లాడు. తర్వాతి వారం నుంచి ఆ గంటలకు "ప్రొడక్షన్ పనులు" అని పేరు పెట్టి నింపాడు. అబద్ధం కాదు, ఊడిపడేవి ఎక్కువగా అవే. తర్వాత పక్క టీం లీడ్ ఒక గురువారం, "అన్నా, రెండు నిమిషాలు" అంటూ కుర్చీ దగ్గరికి వచ్చాడు. మెసేజ్‌కు "బుధవారం మూడింటికి చూద్దాం" అని రాయడం తేలిక. ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పడం వేరు. ఇతను ఒక్క ప్రశ్న అలవాటు చేసుకున్నాడు: "ఇప్పుడు ప్రొడక్షన్ ఆగిందా?" ఆగితే వెంటనే లేస్తాడు. లేకపోతే బుధవారం. చాలాసార్లు బుధవారం వచ్చేసరికి వాళ్లే జవాబు వెతుక్కునేవారు. ఆ జవాబులను డాక్యుమెంటులో రాయమనడంతో కొన్ని నెలల్లో ఆ 2 గంటలు కూడా పూర్తిగా అవసరం పడలేదు.

మరుసటి నవంబరులో గడియారం మళ్లీ దెబ్బతీసింది. రాత్రి కాల్ 9 నుంచి 10కి దానంతటదే జారింది, ఎందుకంటే ఆహ్వానం అక్కడి సమయంలో కట్టి ఉంది. ఈసారి అతను ముందే గమనించి, చలికాలమంతా కాల్‌ను వాళ్ల ఉదయం 7:30కి జరపమని అడిగాడు. అవతలివాళ్లు కొంచెం గొణిగి ఒప్పుకున్నారు. అన్నేళ్లుగా ఇక్కడివాళ్లే సర్దుకుంటున్నారని వాళ్లకు అసలు తెలియదట.

ఇంటి వైపు హద్దు గీయడమే అన్నిటికన్నా ఆలస్యమైంది. రెజ్యూమెలను శనివారం ఉదయం గంటకు కుదించాడు. పిన్ని కొన్నాళ్లు ముభావంగా ఉంది.

కుదురుకుంటోందో లేదో తెలుసుకోవడానికి ఎలా ఉందని తనను తాను అడగలేదు. అలసిన మనసు చెప్పే జవాబు నమ్మదగింది కాదు. రెండు చూసేవాడు: వచ్చే స్ప్రింట్‌కు జారిన పనులెన్ని, తెరిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది ఎన్నాళ్లది. రెండు నెలల్లో ఈ రెండూ తగ్గాయి. నిద్ర కూడా ఆ లోపే సర్దుకుంది. కానీ పని మీద ఆ చేదు పోవడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. గంటలు తగ్గిన నెలలోనే ఉత్సాహం తిరిగొస్తుందని ఎదురుచూసి, రాలేదని ఇదంతా వృథా అనుకుని వదిలేసేవాళ్లు ఉంటారు. ఆ రెండూ ఒకే వేగంతో కదలవు.

ఇక ఈ పద్ధతికి ఉన్న హద్దు. ఇతనికి 11 ఏళ్ల అనుభవం ఉంది, లెక్క చూసి వినే మేనేజరు దొరికాడు. కాంట్రాక్టు మీద చేరిన కుర్రాడికో, అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మన అమ్మాయికో ఆ వీలు లేదు. అక్కడ ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే. అలాంటివాళ్లను హద్దులు గీసుకోమనడం వాళ్ల పరిస్థితి తెలియని మాట. అయినా నోట్‌బుక్ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏది ముందన్న ప్రశ్న మెయిల్‌లో అడిగి, జవాబును మెయిల్‌లోనే తీసుకోవచ్చు. ఆ వరుస ప్రకారం చేసినప్పుడు మిగిలినది ఆలస్యమైతే ఆ నిర్ణయం ఒక్కరి నెత్తిన పడదు. లెక్క చూపించినా పై నుంచి పని పోస్తూనే ఉంటే, లోపం మనిషి వారంలో లేదు, ఆ టీంకు ఇచ్చిన మనుషుల సంఖ్యలో ఉంది. అప్పుడు టీం మారే ప్రయత్నం మొదలుపెట్టడం న్యాయం.

ఆ ఏడాది అప్రైజల్ తర్వాత ఇతన్ని టెక్ లీడ్‌గా ఉండమన్నారు. రెండేళ్ల కిందటైతే అక్కడికక్కడే సరేననేవాడు. ఈసారి రెండు రోజులు గడువు అడిగి నోట్‌బుక్ తీశాడు. లీడ్ పనికి మీటింగులూ డిజైన్ చర్చలూ కలిపి వారానికి 10 గంటలు అదనంగా పడతాయని ముందున్న లీడ్ చెప్పాడు. ఆ 10 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఒక కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాడు: ఇంటర్వ్యూ 2 గంటలు పూర్తిగా తీసేయాలి, ప్రాజెక్టు పని 16 నుంచి 8కి దిగాలి, ఖాళీ 4 అలాగే ఉండాలి. మేనేజరు ప్రాజెక్టు దగ్గర బేరమాడి 10 అన్నాడు. అయితే ఆ రెండు గంటలూ రివ్యూల నుంచి రావాలి, అవి ఇంకొకరికి అప్పగించండి అన్నాడు ఇతను. ఒప్పుకున్నాక సంతకం పెట్టాడు.